ఫేస్ స్వాప్ తర్వాత మసకను తీసి, పోలికను కాపాడటం: కోడ్‌ఫార్మర్‌తో నా అనుభవం

కోనసీమలో చాలా ఇళ్లలో పాత ఆల్బమ్‌ల పరిస్థితి ఒకటే. 1986 వరద, 1996 తుఫాను చూసిన ఫొటోలు నీటి మరకలు పట్టి ఉంటాయి. పక్కన నిలబడ్డవాళ్లు బాగానే కనిపిస్తారు, మనకు కావలసిన మనిషి ముఖం మాత్రం అలుక్కుపోయి ఉంటుంది. అదే మనిషికి ఇంకో ఫొటోలో స్పష్టమైన ముఖం ఉంటే, దాన్ని ఇక్కడికి తేవడానికి నేను `inswapper_128` అనే ఫేస్ స్వాప్ మోడల్ వాడతాను, ఆ తర్వాత ముఖాన్ని పదును చేయడానికి కోడ్‌ఫార్మర్. ఈ రెండో అడుగు గురించే ఈ సమీక్ష. పోలిక నిలిచేదీ పోయేదీ అక్కడే.

స్వాప్ మోడల్ ఎంత పెద్ద ఫొటో ఇచ్చినా ముఖాన్ని 128×128 పిక్సెళ్లలోనే గీస్తుంది. పెళ్లి గ్రూప్ ఫొటోను 600 డీపీఐలో స్కాన్ చేస్తే, ముక్కాలంగుళం ముఖం 450 పిక్సెళ్లు వస్తుంది. అంటే 128ని మూడున్నర రెట్లు సాగదీయాలి. చీరల జరీ కనిపిస్తుంటే ముఖం మాత్రం పొగమంచులో ఉన్నట్టు ఉంటుంది. అందుకే ముందు ముఖం ఎన్ని పిక్సెళ్లుందో కొలవండి. 128 దగ్గరలో ఉంటే పదును చేసే ఈ రిస్టోరేషన్ అవసరమే లేదు, అక్కడితో ఆపేయండి.

కోడ్‌ఫార్మర్, అలాంటిదే అయిన జీఎఫ్‌పీగాన్ రెండూ 512×512 ముఖాన్ని ఇస్తాయి. మసకలో లేని వివరాన్ని అవి ఎక్కడి నుంచో తేవాలి కదా, తాము నేర్చుకున్న ముఖాల నుంచి తెస్తాయి. రెండూ నేర్చుకున్నది ఎఫ్ఎఫ్‌హెచ్‌క్యూ అనే 70,000 ఫొటోల సేకరణ మీద. అవి ఫ్లికర్ అనే ఫొటోల సైట్ నుంచి తీసుకున్నవి. మన దేశం మశూచి నుంచి బయటపడిందని 1977లో ప్రకటించారు. మరి ఫ్లికర్ కాలం ఫొటోల్లో మశూచి గుంటలున్న బుగ్గలు ఎన్ని ఉంటాయి? అందుకే మశూచి గుంటలున్న మా అమ్మమ్మ బుగ్గలను ఈ రెండూ నున్నగా చేసి చూపించాయి. నా ఫొటోల్లో జీఎఫ్‌పీగాన్ చర్మాన్ని మరీ మెరిపించింది, అందుకే కోడ్‌ఫార్మర్ దగ్గర ఆగాను.

కోడ్‌ఫార్మర్‌లో `w` అనే సంఖ్య ఉంటుంది, 0 నుంచి 1 దాకా. దీని అర్థం చాలామంది తిరగేసి పట్టుకుంటారు. సున్నా వైపు వెళ్తే మోడల్ తన సొంత ముఖాన్ని ఎక్కువగా గీస్తుంది, ఒకటి వైపు వెళ్తే మనమిచ్చిన ముఖానికి కట్టుబడి ఉంటుంది. ముఖాన్ని ముందే సరిచేసి 512కి కత్తిరించుకుంటే ఆదేశం ఇది:

```
python inference_codeformer.py -w 0.8 --has_aligned --input_path crops
```

అమ్మమ్మ ఫొటోలో 0.5 దగ్గర కళ్లు మిలమిలలాడాయి, కానీ కనురెప్ప మీద ఆవిడకు లేని మడత వచ్చింది, ముక్కు కొన సన్నబడింది. మా పెద్దమ్మకు చూపిస్తే, "బావుంది గానీ ఈవిడెవర్రా?" అంది. 0.8 దగ్గర ఆ మడత పోయింది. 1.0 దగ్గర స్వాప్ వదిలిన గరుకు అంచులు అలాగే మిగిలాయి. నా ఫొటోల్లో చాలావాటికి 0.7, 0.9 మధ్యే కుదిరింది.

`w` ఒక్కటే సరిపోదు. ఇన్నాళ్లలో నాకు అన్నిటికంటే పనికొచ్చింది ఇంకోటి. ముఖం ఆకారం, అంటే కళ్ల మధ్య దూరం, దవడ గీత, పెదవుల వంపు, స్వాప్ ఇచ్చిన 128లోనే ఉంది. రిస్టోరర్, అంటే కోడ్‌ఫార్మర్, దగ్గర మనకు కావలసింది అంతకంటే సన్నని వివరం మాత్రమే. కాబట్టి స్థూలమైన భాగాన్ని స్వాప్ నుంచి, సన్నని భాగాన్ని రిస్టోరర్ నుంచి తీసుకుని కలుపుతాను. `swap` అంటే 512కి సాగదీసిన స్వాప్ ముఖం, `rest` అంటే కోడ్‌ఫార్మర్ ఇచ్చింది. రెండూ float32లో ఉండాలి.

```python
low = cv2.GaussianBlur(swap, (0, 0), 4)
hi = rest - cv2.GaussianBlur(rest, (0, 0), 4)
out = np.clip(low + 0.6 * hi, 0, 255)
```

128 నుంచి 512కి నాలుగు రెట్లు కాబట్టి స్వాప్‌లోని ఒక పిక్సెల్ ఇక్కడ నాలుగు పిక్సెళ్ల వెడల్పు అవుతుంది. అందుకే బ్లర్‌కి 4 పెట్టాను. 0.6 నా కంటికి నచ్చిన మోతాదు. ఈ పద్ధతిలో ఇంకో మేలుంది. రిస్టోరర్ కన్ను చివరనో పెదవి గీతనో జరిపి ఉంటే, కలిపినప్పుడు అక్కడ జంట గీత కనిపిస్తుంది. అది కనిపించిందంటే పోలిక మారినట్టే. `w` పెంచి మళ్లీ చేయాలి.

కొంతమంది పోలికను అంకెతో కొలుస్తారు. ముఖాలను పోల్చే ఇన్‌సైట్‌ఫేస్ లైబ్రరీతో స్పష్టమైన ఫొటోకు, ఫలితానికి `normed_embedding`, అంటే ముఖాన్ని అంకెల వరుసగా మార్చిన రూపం, తీసి రెండింటినీ `np.dot`తో గుణిస్తే, ఒకటికి దగ్గరైన కొద్దీ ఒకే మనిషి అని లెక్క. దీన్ని ఊరికే నమ్మకండి. ఈ కొలత ముఖాన్ని 112×112కి కుదించి చూస్తుంది. అంతకంటే సన్నని వివరం దానికి కనపడదు, గుంటలు మాయమైనా స్కోరు పెద్దగా మారకపోవచ్చు. పైగా స్వాప్ మోడల్ ముఖాన్ని గీసిందే ఇలాంటి ఎంబెడింగ్ ఆధారంగా, కాబట్టి ఆ పరీక్షలో మంచి మార్కులు రావడంలో వింత లేదు. స్కోరు బాగా పడిపోతే ఏదో చెడిందని తెలుస్తుంది. పడకపోతే ఏమీ తెలియదు.

దీనికి సంబంధించిందే పుట్టుమచ్చల సంగతి. చాలామంది మచ్చ పోయిందని రిస్టోరర్‌ను తిడతారు, కానీ అది అంతకుముందే పోయింది. స్వాప్ మోడల్‌కు మనమిచ్చే స్పష్టమైన ఫొటో పిక్సెళ్లుగా చేరదు, 512 అంకెలుగా మాత్రమే చేరుతుంది. కుడి బుగ్గ మీద ఆవగింజంత మచ్చ ఆ అంకెల్లో ఇమడదు. అందుకని అమ్మమ్మ మచ్చ, మశూచి గుంటలు, ముక్కుపుడక, ఈ మూడూ స్పష్టమైన ఫొటో నుంచి జింప్ అనే ఫొటో ఎడిటర్‌లో చేత్తో తెచ్చి పెట్టాను. దీనికి పట్టిన సమయం మిగతా పనంతటికంటే ఎక్కువ, కానీ పెద్దమ్మ గుర్తుపట్టింది ఆ తర్వాతే.

స్వాప్‌కి ఫేస్‌ఫ్యూజన్ అనే ప్రోగ్రామ్ వాడేవాళ్లకు పిక్సెల్ బూస్ట్ అనే సదుపాయం ఉంది. ముఖాన్ని పిక్సెళ్లు వదిలి వదిలి ఏరి అనేక 128 ముక్కలు చేసి, ఒక్కోదాన్నీ స్వాప్ చేసి, మళ్లీ అల్లుతుంది. 256 పెడితే మసక కొంత ముందే తగ్గుతుంది, రిస్టోరర్‌కు ఊహించే పని తగ్గుతుంది. నేను 256 దాటను, అంతకు పైన ఒక్కోసారి అల్లిక గళ్లు కనిపించాయి.

నలుపు తెలుపు ఫొటోలకు ఒక మాట. కోడ్‌ఫార్మర్ నేర్చుకున్నవి రంగు ఫొటోలు, ఒక్కోసారి పెదవులకు లేత ఎరుపు తగిలించవచ్చు. ఫలితాన్ని గ్రేస్కేల్ చేసి, కాగితపు గరుకుకు సరిపడా కొంచెం నాయిస్ కలపండి, లేకపోతే ఆ ఒక్క ముఖమే కొత్తగా కడిగినట్టు ఉంటుంది.

పక్కకు బాగా తిరిగిన ముఖాలకు దీన్ని నేను వాడను. స్టూడియోవాళ్లు లైసెన్సు చూసుకోండి, ఇన్‌సైట్‌ఫేస్ మోడళ్లు, కోడ్‌ఫార్మర్ రెండూ వాణిజ్యానికి ఇచ్చినవి కావు. నేను ఇంటివాళ్లు అడిగిన ఫొటోలకే చేస్తాను, డబ్బు తీసుకోను, ప్రింట్ వెనక "ముఖం వేరే ఫొటో ఆధారంగా సరిచేసింది" అని రాసి ఇస్తాను.