వాలే మోడ్‌ను పిల్లవాడి కోసం వాడితే

రెండేళ్ల క్రితం ఈ కారు కొన్నప్పుడు, హోటల్లో కారు పార్క్ చేసే కుర్రాళ్లకు ఇచ్చేముందు వేసే వాలే మోడ్‌ను చూసి మురిసిపోయినదాన్ని నేనే. తెర మీద నాలుగంకెల సంఖ్య కొడితే పాటలు, ఫోను నంబర్లు, మ్యాపు అన్నీ మూసుకుపోతాయి. కారు ఎంత దూరం తిరిగింది, గరిష్ఠంగా ఎంత వేగం అందుకుంది అనేది నా ఫోనుకు వస్తుంది. పోయిన ఏడాది మావాడికి లైసెన్సు రాగానే, హోటల్ కుర్రాళ్ల కోసం పెట్టిన ఆ తాళాన్ని వాడికీ వేశాను. వేగం 100 దాటితే నాకు హెచ్చరిక వచ్చేలా కూడా పెట్టుకున్నాను.

ఒక సాయంత్రం వాడు గచ్చిబౌలి నుంచి ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా శంషాబాద్ బయలుదేరాడు. కారు తెరలో మ్యాపు లేదు కాబట్టి ఫోను ఒళ్లో పెట్టుకున్నాడట. ఆ సంగతి నాకు తెలియదు. హెచ్చరిక మోగింది, కంగారుపడి వెంటనే ఫోన్ చేశాను. నా కాల్ వాడి ఫోను తెరంతా పరుచుకుని మ్యాపును కప్పేసింది. వాడు తల వంచి దాన్ని కొట్టేసేలోపు శంషాబాద్ ఎగ్జిట్ దాటిపోయింది, పెద్ద గోల్కొండ దాకా వెళ్లి తిరిగి రావలసి వచ్చింది. ఇంటికొచ్చాక నివేదిక చూస్తే గరిష్ఠ వేగం 112. ఎక్కడ, ఎంతసేపు అన్నది అందులో లేదు.

"ట్యాంకర్‌ను దాటడానికమ్మా, ఒక్క నిమిషం. నీ ఫోనుకే ఎక్కువ భయపడ్డాను" అన్నాడు. నాకు జవాబు దొరకలేదు.

మా కారులో వాలే మోడ్ ఇంజిన్ జోలికి పోదు. అది మూసేది తెరనే. అలా మూయడంతో వాడి చూపు రోడ్డు మీద నుంచి ఒళ్లోకి దిగింది. ఇప్పుడు దాన్ని హోటల్ గుమ్మం దగ్గరే వాడుతున్నాను. మావాడు బయలుదేరే ముందు మ్యాపును కారు తెరలోనే పెడతాడు. స్టీరింగ్ మీదున్న వేగ పరిమితి బటన్‌ను ఇద్దరం కలిసి 90కి పెడతాం. మామూలుగా తొక్కితే కారు అంతకు మించి పోదు. ప్రమాదం తప్పించుకోవాలంటే యాక్సిలరేటర్‌ను అడుగుదాకా నొక్కితే వదులుతుంది. అయితే అది బ్రేకు వేయదు, పల్లంలో 90 దాటడం నేనే చూశాను.

2019 జూలై నుంచి కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి చేసిన హెచ్చరిక మోత ఉంది కదా, 80 దాటితే నిమిషానికోసారి, 120 దాటితే ఆగకుండా. పాటల హోరులో మావాడికి మొదటిది వినబడదు. నా ఫోనుకు వచ్చే హెచ్చరికను మాత్రం తీసేయలేదు. కానీ వాడు ఇంటికొచ్చేదాకా ఫోన్ చేయను.

పద్దెనిమిది నిండనివాళ్లకైతే ఈ లెక్కలేవీ అక్కర్లేదు, తాళం చెవే ఇవ్వకూడదు. 2019 సవరణ చట్టం ప్రకారం తల్లిదండ్రులకు మూడేళ్ల దాకా జైలు, 25,000 జరిమానా.

మాకు ఒక్కటే కారు, వాడికి పందొమ్మిది, చెబితే వింటాడు. అందుకే ఇంతమాత్రం సరిపోతోంది. ఫోను హెచ్చరికల ఉచిత గడువు వచ్చే ఏడాది ముగుస్తుంది. వాడు అప్పటికి ఇంట్లోనే ఉంటే డబ్బు కడతానేమో, బెంగళూరు వెళ్తే మాత్రం కట్టను.