తొలి వీడియో డేట్: అరగంట అనుకుని కూర్చోవడమా, మాట సాగినంతసేపు ఉండిపోవడమా?

కొన్నాళ్లు మెసేజ్‌లు నడిచాక ఇద్దరిలో ఒకరు "ఒకసారి వీడియో కాల్‌లో మాట్లాడుకుందామా?" అంటారు. రెండోవారు సరే అంటారు. రోజు కుదురుతుంది, సమయం కుదురుతుంది. ఎంతసేపు అన్నది మాత్రం ఎవరూ ఎత్తరు. ఎత్తితే అవతలివాళ్లు నొచ్చుకుంటారేమో, అప్పుడే తప్పించుకునే దారి చూసుకుంటున్నామని అనుకుంటారేమో అన్న సంకోచం అడ్డొస్తుంది. నన్నడిగితే ముందుగా మాట్లాడుకోవాల్సింది అదే. లైటు ఎలా ఉండాలి, ఎక్కడ కూర్చోవాలి, చివర్లో ఏమనాలి అన్నవన్నీ దాని తర్వాతే వస్తాయి.

బయట కలుసుకున్నప్పుడు ముగింపు దానంతటదే వస్తుంది. తాగుతున్నది అయిపోతుంది, బిల్లు వస్తుంది, చీకటి పడుతుంది. ఎవరూ ఎవరినీ వద్దనకుండానే ఇద్దరూ లేస్తారు. వీడియో కాల్‌లో అలాంటిదేమీ లేదు. అక్కడున్నది ఒక్క ఎర్ర బటన్. దాన్ని ఎవరో ఒకరు కావాలని నొక్కాలి. సమయం అనుకోకపోతే, ఆ నొక్కినవాళ్లకే ఆసక్తి లేదన్న అర్థం వచ్చేస్తుంది. అందుకే చాలామంది ఇష్టం లేకపోయినా గంట దాటేవరకూ కూర్చుండిపోతారు. చివరి ఇరవై నిమిషాలు ఇద్దరికీ భారమవుతాయి, మర్నాడు గుర్తుండేదీ ఆ ఇరవై నిమిషాలే.

ఇంకో కారణం కూడా ఉంది. వీడియో కాల్‌లో ఎందుకంత అలసిపోతామన్న దానిపై స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన జెరెమీ బెయిలెన్సన్ 2021లో ఒక వ్యాసం రాశారు. అందులో నాలుగు కారణాలు చెప్పారు: మరీ దగ్గరగా కనిపించే ముఖాన్ని ఎడతెగకుండా చూడటం, మన ముఖం మనకే కనిపిస్తూ ఉండటం, కదలకుండా ఒకేచోట కూర్చోవడం, మామూలుగా ఒంటి కదలికల నుంచి తెలిసే సంగతుల కోసం బుర్రకు అదనంగా పని పెట్టడం. ఆయన రాసింది మీటింగుల అలసట గురించే అయినా, ఈ నాలుగూ తొలి డేట్‌లో మరింత గట్టిగా పనిచేస్తాయి. మీటింగులో కాసేపు పక్కకు చూసినా ఎవరూ పట్టించుకోరు. ఇక్కడ ఉన్నది ఒక్కరే, ఆ ఒక్కరూ మిమ్మల్నే చూస్తుంటారు.

సమయం పెట్టుకోకపోవడంలోనూ ఒక అందం ఉంది, కాదనను. మాట దానంతటది ఎటో వెళ్లి, ఎవరూ అనుకోని విషయం దగ్గర తేలుతుంది. గడియారం లేనప్పుడు మనిషి తీరిగ్గా ఉంటాడు. ఇప్పటికే ఫోన్లో చాలాసార్లు మాట్లాడుకున్నవాళ్లకు, ఒకరి గొంతు ఒకరికి అలవాటైనవాళ్లకు అదే మేలు కూడా. మెసేజ్‌ల పరిచయమే ఉండి ముఖాలు మొదటిసారి చూసుకుంటున్నవాళ్లకు మాత్రం ముప్పై నుంచి నలభై నిమిషాలు అనుకుని కూర్చోవడమే నయం. కాల్ మొదట్లో కాదు, సమయం కుదుర్చుకునే మెసేజ్‌లోనే రాసేయండి: "శనివారం ఎనిమిదింటికి ఓ అరగంట మాట్లాడుకుందామా? తర్వాత నాకు పనుంది." పని నిజంగా ఉంటేనే ఆ రెండో వాక్యం రాయండి. లేకపోతే "ఓ అరగంట" అన్న మాటే చాలు. కాల్ బాగా సాగిందనుకోండి, అరగంట దగ్గర "ఇంకో పావుగంట ఉండగలరా?" అని ఒకసారి అడగొచ్చు. ముందే హద్దు ఉంది కాబట్టి ఆ పొడిగింపు ఒక ఇష్టంలా వినిపిస్తుంది. హద్దు లేని కాల్‌లో అలా అడిగే వీలే ఉండదు.

ఒక జాగ్రత్త. ఉచితంగా వాడే జూమ్‌లో కాల్ నలభై నిమిషాలకు ఆగిపోతుంది, ఇద్దరే ఉన్నా సరే. గంట కొట్టినట్టు అదే ముగించేస్తుందిలే అని దానిమీద ఆధారపడకండి. మాట మధ్యలో తెర ఖాళీ అయితే వీడ్కోలు చెప్పుకునే అవకాశం పోతుంది, మళ్లీ కలపాలా వద్దా అని ఇద్దరూ తెరల ముందు కూర్చుని ఆలోచిస్తారు. ఏ యాప్ అన్న ప్రశ్నకు నా జవాబు చిన్నది: పరిచయమైన యాప్‌లోనే వీడియో కాల్ ఉంటే అదే వాడండి. వాట్సాప్‌కు వెళ్తే మొదటి కాల్‌కే ఫోన్ నంబరు చేతికిచ్చినట్టవుతుంది.

ఇక కూర్చునే చోటు. ఫోన్ చేత్తో పట్టుకోవడమా, ఎక్కడైనా ఆనించడమా అంటే సందేహం అక్కర్లేదు, ఆనించాల్సిందే. పది నిమిషాలకు చెయ్యి దిగుతుంది, దాంతో కెమెరా గడ్డం కింద నుంచి చూడటం మొదలుపెడుతుంది. పైగా ఫోన్ కెమెరాకు మరీ దగ్గరగా ఉంటే ముక్కు పెద్దదిగా, చెవులు వెనక్కి పోయినట్టుగా కనిపిస్తాయి. చెయ్యి చాచినంత దూరంలో ఆ తేడా చాలావరకు తగ్గుతుంది. లాప్‌టాప్ అయితే కింద నాలుగు పుస్తకాలు పెట్టి కెమెరాను కళ్ల ఎత్తుకు తేవాలి.

లైటు సంగతి ఒక ఉదాహరణతో చూద్దాం. రాత్రి ఎనిమిదింటికి కాల్. ఒకామె గదిలో పైకప్పు మధ్యన ఒక లైటు, గోడకు ఆనించిన బల్ల, బల్లమీద మెడ వంచగలిగే చిన్న దీపం. ఆమె ముందు మూడు దారులున్నాయి. మొదటిది, పై లైటు ఒక్కటే ఉంచడం. వెలుగు నెత్తిమీద నుంచి పడుతుంది కాబట్టి కళ్ల గుంటల్లో నీడలు దిగుతాయి. ఆమె నవ్వుతున్నా కళ్లు కనిపించవు, అవతలి మనిషికి ఆమె అలసిపోయినట్టుగానో అయిష్టంగా ఉన్నట్టుగానో అనిపిస్తుంది. రెండోది, బల్ల దీపాన్ని నేరుగా ముఖం మీదికి తిప్పడం. నీడలు పోతాయి గానీ నుదురు, ముక్కు మెరుస్తాయి. కళ్లద్దాలుంటే దీపమే వాటిలో కనిపిస్తుంది, ఆమె కూడా కళ్లు చికిలిస్తూనే ఉంటుంది. మూడోది, లాప్‌టాప్ వెనకున్న గోడవైపు దీపాన్ని తిప్పడం. వెలుగు గోడకు తగిలి పరుచుకుని, మెత్తగా ముఖం మీదికి తిరిగొస్తుంది. గోడ తెల్లగానో లేతరంగులోనో ఉంటే ఇదే మేలు. ముదురు రంగు గోడ వెలుగును మింగేస్తుంది, దాని రంగు ముఖానికీ అంటుతుంది. అలాంటప్పుడు ఒక తెల్లకాగితాన్ని గోడకు అంటించి దానిమీదికి దీపం తిప్పితే సరిపోతుంది. పై లైటును కూడా ఆర్పకుండా ఉంచితే వెనకున్న గది మరీ చీకటిగా కనిపించదు.

పగటి కాల్ అయితే ఇంత పనిలేదు. కిటికీకి ఎదురుగా కూర్చుంటే చాలు. కిటికీ వెనకుంటే మాత్రం ఎంత మంచి కెమెరా అయినా కష్టమే. అది వెనకున్న వెలుతురుకు తగ్గట్టు సర్దుకుంటుంది, ముఖం నల్లటి ఆకారంగా మిగులుతుంది.

ఆమెకు ఇంకో చిక్కుంది. గోడవైపు తిరిగి కూర్చుంటే వెనక గది మొత్తం కనిపిస్తుంది, మంచం కూడా. వెనకభాగాన్ని మసకబార్చే సదుపాయం వాడాలా, గదినే సర్దుకోవాలా? మసక వాడితే చేతులు ఆడించినప్పుడు వేళ్లు మాయమవుతుంటాయి, జుట్టు అంచులు కరిగిపోతుంటాయి. చేతులతో మాట్లాడే మనిషికి అది పెద్ద లోటు. అయినా తొలి కాల్‌లో నేను మసకకే ఓటేస్తాను, ఒక్క సందర్భంలో: ఇంటి జాడ చెప్పే వస్తువులు కనిపిస్తుంటే. కిటికీ బయటి భవనం, గోడమీది కుటుంబ ఫొటో, పేరున్న కవరు, ఆఫీసు బ్యాడ్జి లాంటివి. అవేమీ లేకపోతే మంచంమీది దుప్పటి సరిచేసి, గదిని గదిలాగే చూపించడం మంచిది. తలుపు వేసుకుని, ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి. వెనక నుంచి ఎవరో నడిచి వెళ్తుంటే అవతలి మనిషి ఇక ఏదీ మనసు విప్పి చెప్పలేరు. కాల్‌ను రికార్డు చేయడం, స్క్రీన్‌షాట్ తీయడం గురించి వేరే చెప్పాలా? అడగకుండా చేయకూడదు, తొలి డేట్‌లో అడగనూ కూడదు.

మాట్లాడుతున్నప్పుడు ఎక్కడ చూడాలి? కెమెరాలోకి చూస్తే అవతలివాళ్లకు కళ్లలోకి చూసినట్టుంటుంది, కానీ మీకు వాళ్ల ముఖం కనిపించదు. తెర మీద ముఖం చూస్తే మీ చూపు కిందికి దిగినట్టు కనిపిస్తుంది. లాప్‌టాప్‌లో వాళ్ల బొమ్మను చిన్నది చేసి కెమెరా కిందికి జరిపితే రెండూ దాదాపు కుదురుతాయి. మీ బొమ్మను మాత్రం మీకు కనిపించకుండా చేసుకోండి. జూమ్‌లో Hide Self View అని ఉంటుంది, అది నొక్కినా మీరు వాళ్లకు మామూలుగానే కనిపిస్తారు. లైటు, కోణం సరిచూసుకునేదాకానే ఆ బొమ్మతో పని.

మౌనాన్ని తొందరపడి అంచనా వేయకండి. ఎదురెదురుగా మాట్లాడుకునేటప్పుడు ఒకరి మాటకూ ఇంకొకరి మాటకూ మధ్య ఉండే సందు సాధారణంగా సెకనులో ఐదో వంతు. నెట్‌వర్క్ నెమ్మదిగా ఉంటే ఒక్కో వైపు ప్రయాణానికే అంత సమయం పడుతుంది. అందుకే మీ మాటకు నవ్వు ఆలస్యంగా వస్తుంది, ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టి ఒకేసారి ఆగిపోతారు. అది అయిష్టం కాదు. అయిష్టం వేరేగా తెలుస్తుంది: జవాబులు పొట్టివవుతాయి, మీ ప్రశ్నకు బదులుగా తిరుగు ప్రశ్న రాదు, మీరు ఎత్తిన కొత్త విషయం కూడా రెండు వాక్యాల్లో ముగిసిపోతుంది. ఒక్కసారి జరిగితే పట్టించుకోవద్దు, వరసగా జరుగుతుంటే అరగంట కోసం చూడకుండా ముగింపుకు తేవచ్చు.

ముగించడంలోనూ ఏది మేలన్న ప్రశ్న ఉంది. "అయ్యో, ఇంకో కాల్ వస్తోంది" అన్న కల్పిత సాకు సులువుగా కనిపిస్తుంది గానీ, అది అవతలివాళ్లకు చాలాసార్లు తెలిసిపోతుంది. దానికన్నా అనుకున్న సమయాన్నే ఆసరా చేసుకోవడం మర్యాద: "అరగంట అయిపోయిందండీ. మీ చెల్లెలి కథ భలే చెప్పారు. ఇక ఉంటాను మరి." విన్నదాంట్లోంచి ఒక సంగతిని పేరుపెట్టి చెప్పడం ముఖ్యం. "మాట్లాడటం బాగుంది" అని ఎవరికైనా అనొచ్చు, ఆ కథ మాత్రం వాళ్లొక్కరిదే. వీడ్కోలు చెప్పాక వెంటనే బటన్ నొక్కకుండా రెండు క్షణాలు ఆగండి. మీ మాట అటు చేరి, వాళ్ల మాట ఇటు రావాలి.

మళ్లీ కలవాలనుంటే ఆ కాల్‌లోనే చెప్పేయడం మంచిది: "నాకు మళ్లీ మాట్లాడాలని ఉంది. మీకూ ఉంటే వచ్చే వారం కలుద్దామా? ఇప్పుడే చెప్పక్కర్లేదు." ఆ చివరి వాక్యం వాళ్లకు ఊపిరి తీసుకునే చోటిస్తుంది. ఇష్టం లేకపోతే మాత్రం ముఖాముఖి చెప్పడం కన్నా తర్వాత మెసేజ్ చేయడమే మేలని నా నమ్మకం. కెమెరా ముందు ఆ మాట విన్న మనిషి, ముఖంలో ఏదీ కనిపించకుండా దాచుకోవడానికి తంటాలు పడాల్సి వస్తుంది. అయితే కాల్‌లో "త్వరలో మాట్లాడుకుందాం" అనకండి. మర్నాటిలోపు రెండు వాక్యాలు పంపండి: "నిన్న సమయం తీసుకుని మాట్లాడినందుకు థ్యాంక్సండీ. మనిద్దరికీ కుదురుతుందని నాకు అనిపించలేదు, అందుకే ఇక ముందుకు వెళ్లదలుచుకోలేదు." ఎందుకని అడిగితే లోపాలు లెక్కపెట్టనక్కర్లేదు. "అలా అనిపించలేదండీ, అంతే" అని ఒక్కసారి చెప్పి ఊరుకోవచ్చు. ఆ తర్వాత కూడా మెసేజ్‌లు వస్తూనే ఉంటే జవాబివ్వకపోవడం అమర్యాద కాదు.