డిస్క్ ఒక రీజియన్, అకౌంట్ ఇంకో రీజియన్: రెండో అకౌంటా, గేమ్ మళ్లీ కొనడమా, ఏది మేలు?

ప్లేస్టేషన్ కన్సోళ్లు పీఎస్4, పీఎస్5లో గేమ్ డిస్కులకి రీజియన్ లాక్ లేదు, ఏ దేశం డిస్క్ పెట్టినా ఆడేస్తుంది, అందుకే ముందూ వెనకా చూడకుండా సెకండ్‌హ్యాండ్ డిస్కులు కొనేస్తాం. చిక్కంతా డీఎల్‌సీ, అంటే గేమ్‌కి విడిగా కొనుక్కునే అదనపు కంటెంట్, కొన్నప్పుడే. డబ్బులు కట్ అయ్యాయి, లైబ్రరీలో కనిపిస్తోంది, డౌన్‌లోడ్ కూడా అయింది, తీరా గేమ్ ఓపెన్ చేస్తే కొత్త మిషన్ల జాడే లేదు. నాకిలా అయినప్పుడు గేమ్ రెండుసార్లు డిలీట్ చేసి మళ్లీ ఎక్కించా, లైసెన్సులు రీస్టోర్ చేశా, ఆదివారం మొత్తం దానికే పోయింది. చివరికి చూస్తే డిస్క్ యూరప్‌ది, నా అకౌంట్ అమెరికాది, కాబట్టి కొన్న డీఎల్‌సీ కూడా అమెరికాదే.

మీదీ ఇదే కేసా కాదా అని తేల్చుకోవడం తేలికే. డిస్క్ బాక్స్ పక్కన సన్నగా ఉండే అంచు మీద `CUSA` (పీఎస్5 అయితే `PPSA`) అని మొదలయ్యే నంబర్ ఉంటుంది. స్టోర్‌ని బ్రౌజర్‌లో తెరిచి ఆ డీఎల్‌సీ పేజీ అడ్రస్ చూడండి, `UP` అని మొదలయ్యే కోడ్ అమెరికాది, `EP` అయితే యూరప్‌ది, దాని మధ్యలో కూడా అదే రకం నంబర్ ఉంటుంది. డిస్క్ బాక్స్ మీదున్న నంబరూ ఇదీ వేరైతే ఆ డీఎల్‌సీ మీ గేమ్‌కి అతకదు, ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా అంతే. ఈ చెకింగ్ డౌన్‌లోడ్ నొక్కకముందే చేసుకోండి, ఎందుకంటే డౌన్‌లోడ్ మొదలెట్టకపోతే కొన్న 14 రోజుల్లోపు రీఫండ్ అడగొచ్చు, మొదలెట్టాక కష్టం.

అకౌంట్ దేశం మార్చేస్తే పోలా అనుకుంటాం, కానీ ప్లేస్టేషన్ ఆన్‌లైన్ సర్వీస్ పీఎస్ఎన్‌లో ఆ ఆప్షనే లేదు, అకౌంట్ తెరిచిన రోజు ఏ దేశం పెట్టామో అదే. (ఎక్స్‌బాక్స్‌లోనూ నింటెండోలోనూ మార్చుకోవచ్చు, వాలెట్‌లో మిగిలిన బ్యాలెన్స్ మాత్రం ముందే ఖర్చుపెట్టుకోవాలి.) కాబట్టి మనకి మిగిలినవి రెండే దారులు.

మొదటిది డిస్క్ రీజియన్‌లో రెండో అకౌంట్. దాంట్లో డీఎల్‌సీ కొని, అదే అకౌంట్‌తో పీఎస్5 సెట్టింగ్స్‌లో `Console Sharing and Offline Play` ఆన్ చేస్తే, మీ పాత అకౌంట్‌తో ఆడినా ఆ డీఎల్‌సీ తెరుచుకుంటుంది. సేవ్‌లు, ట్రోఫీలు ఎక్కడివక్కడే ఉంటాయి, దీని అసలు లాభం ఇదే. ఇబ్బందులూ ఉన్నాయి, వేరే దేశం కార్డుని స్టోర్ సాధారణంగా తీసుకోదు, ఆ దేశపు గిఫ్ట్ కోడ్ కావాలి, పైగా నిబంధనల ప్రకారం అకౌంట్‌లో ఇచ్చే వివరాలు నిజమైనవే ఉండాలి కాబట్టి రేపు ఆ అకౌంట్‌కి ఏదైనా అయితే గట్టిగా అడగలేం. ఇంకోటి, చాలామంది ఇక్కడే బోల్తా పడతారు: మిషన్లు, మ్యాప్‌ల్లాంటివి షేర్ అవుతాయి గానీ గేమ్‌లో వాడే కాయిన్లు కొన్న అకౌంట్‌కే అంటుకుపోతాయి. కాయిన్ల కోసమైతే రెండో అకౌంట్ దండగ.

రెండోది పాత డిస్క్ అమ్మేసి మీ అకౌంట్ రీజియన్ గేమ్ తీసుకోవడం. శుభ్రమైన పద్ధతే, ఇక ముందు వచ్చే ప్రతి డీఎల్‌సీ మామూలుగా కొనుక్కోవచ్చు. కానీ పీఎస్4 గేముల్లో సేవ్ కూడా ఆ `CUSA` నంబర్‌తోనే ముడిపడి ఉంటుంది, కొత్త రీజియన్ గేమ్ పాత సేవ్‌ని సాధారణంగా గుర్తుపట్టదు. 60 గంటలు ఆడిన ఆర్పీజీ మళ్లీ సున్నా నుంచి అంటే నా వల్ల కాదు బాబూ.

నా లెక్క ఇది: సగం ఆట అయిపోయి ఒక్క డీఎల్‌సీయే కావాలంటే రెండో అకౌంట్, ఇంకా మొదలెట్టలేదు లేదా సీజన్ల కొద్దీ కంటెంట్ వచ్చే గేమ్ అంటే డిస్క్ మార్చేయడమే మేలు.

ఇక పింగ్, అంటే సర్వర్‌కి సిగ్నల్ పోయి రావడానికి పట్టే మిల్లీసెకన్ల సంగతి. రీజియన్ సరిపోకే పింగ్ 200 చూపిస్తోందని రెండో అకౌంట్ తెరిచేవాళ్లూ ఉన్నారు, చాలా గేముల్లో అది వృథా. మ్యాచ్‌మేకింగ్ ఎక్కువగా మీ కనెక్షన్ నుంచి సర్వర్‌కి ఎంత టైమ్ పడుతోందో కొలిచి చూస్తుంది, స్టోర్ దేశం చూడదు. ఫైబర్‌లో సిగ్నల్ 1000 కిలోమీటర్లు పోయి రావడానికి ఎంత లేదన్నా 10 మిల్లీసెకన్లు, సర్వర్ 10,000 కిలోమీటర్ల దూరంలో ఉంటే పింగ్ 100 కంటే తగ్గడం ఏ అకౌంట్‌తోనూ జరగదు. అకౌంట్‌నే ఒక ప్రాంతం సర్వర్లకి కట్టేసే వాలరెంట్ లాంటివి వేరు, వాటిలో రీజియన్ నిజంగానే తేడా తెస్తుంది. మిగతావాటిలో ముందు గేమ్ సెట్టింగ్స్‌లో డేటా సెంటర్ ఏది ఎంచుకుని ఉందో చూడండి, ఆ తర్వాత రౌటర్ చూడండి. నా కేసులో వేరే దేశం అకౌంట్ తెరవడానికి రౌటర్‌లో పెట్టిన వీపీఎన్ తీయడం మర్చిపోయా, మూడు వారాలు సముద్రం అవతలి వాళ్లతో మ్యాచ్‌లు ఆడుతూ తిట్టుకున్నది గేమ్‌ని.