విమానం కిటికీకి ఏది మేలు: నలుపలకా, గుండ్రమా? మరి ఆ బొక్క ఎందుకు?

మొన్న విమానంలో పక్క సీటు పిల్లాడు కిటికీ అడుగున చూసి, "అంకుల్, ఇక్కడ బొక్క పడింది!" అన్నాడు. వాడి వేలికి అది తగల్లేదు. మన చేతికి తగిలేది గీతలు పడకుండా పెట్టే పలచటి పలక మాత్రమే. బొక్క దాని వెనకున్న మధ్య పలకకు ఉంటుంది. దాని చుట్టూ చిన్న మంచు పువ్వు కూడా కట్టింది.

బొక్క సంగతికి వచ్చే ముందు కిటికీ ఆకారం చూద్దాం. 35,000 అడుగుల ఎత్తులో బయటి గాలి చాలా పలచన, లోపలి గాలిని మాత్రం మనం పీల్చుకునేంత ఒత్తిడిలో ఉంచుతారు. ఈ తేడా చదరపు సెంటీమీటరుకు అర కిలో పైనే ఉంటుంది. 25 సెంటీమీటర్ల వెడల్పు, 35 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న కిటికీని లోపలి గాలి దాదాపు అర టన్ను బరువుతో బయటికి తోస్తుంది. విమానం పైకెళ్లినప్పుడల్లా దాని ఒళ్లంతా బిగుస్తుంది, దిగినప్పుడల్లా వదులవుతుంది. తీగను అటూ ఇటూ వంచుతూ పోతే తెగినట్టే, లోహం కూడా ఈ బిగింపులతో అలిసిపోతుంది.

షాంపూ ప్యాకెట్ అంచున చిన్న గాటు పెడతారు కదా, అక్కడ పట్టుకుంటే చులాగ్గా చిరుగుతుంది. నలుపలక కిటికీ మూల కూడా అలాంటి గాటే. విమానం ఒంటి రేకులో సాగే లాగుడు కిటికీ కన్నం చుట్టూ తిరిగి పోవాలి. మూల ఎంత కోసుగా ఉంటే అక్కడ అంత గుమిగూడుతుంది.

అలాగని పూర్తి గుండ్రమే అన్నిటికన్నా మేలా అంటే, కాదు. గొట్టంలాంటి విమానం ఒంట్లో చుట్టుకొలత వెంబడి లాగుడు, పొడవు వెంబడి లాగుడుకు రెట్టింపు. కిటికీ దగ్గర చుట్టుకొలత అంటే పైకీ కిందికీ అన్నమాట. లెక్క వేస్తే గుండ్రటి కన్నం అంచున లాగుడు మామూలుకు రెండున్నర రెట్లు అవుతుంది. నిలబెట్టిన కోడిగుడ్డులా, వెడల్పుకు ఎత్తు రెట్టింపుగా ఉంటే అంచంతా ఒకటిన్నర రెట్లతో సరిపెట్టుకుంటుంది. కానీ అంత సన్నటి కిటికీలోంచి ఏం కనిపిస్తుంది? అందుకే తయారీదారులు మధ్యే మార్గం పట్టారు: నిలువుగా కాస్త పొడవు, మూలలకు బాగా వంపు, చుట్టూ మందపాటి చట్రం. మందం పెంచితే నలుపలకనూ నిలబెట్టొచ్చు, కాక్‌పిట్ అద్దాలు అలాగే ఉన్నాయి. కానీ ప్రయాణికుల వైపు పదుల కొద్దీ కిటికీలకు అంత బరువు మోయడం దండగ.

ఈ పాఠం ఖరీదుగా నేర్చింది బ్రిటన్. 1952లో ప్రయాణికుల సేవలోకి వచ్చిన డి హావిలాండ్ కామెట్, ప్రపంచపు మొదటి జెట్ ప్రయాణికుల విమానం. 1954 జనవరి 10న రోమ్ నుంచి బయలుదేరిన ఒక కామెట్ ఎల్బా దీవి దగ్గర గాలిలోనే ముక్కలై 35 మంది పోయారు. ఏప్రిల్ 8న నేపుల్స్ దగ్గర మరొకటి, 21 మంది. బ్రిటన్ విమాన పరిశోధన కేంద్రం ఉన్న ఫార్న్‌బరోలో ఇంకో కామెట్‌ను నీళ్ల తొట్టిలో పెట్టి, లోపల కూడా నీళ్లు నింపి, ఎగిరి దిగినట్టు మళ్లీ మళ్లీ ఒత్తిడి పెట్టారు. గాలితో చేస్తే పగిలినప్పుడు బాంబులా పేలుతుంది, నీళ్లైతే పగిలిన చోటు చెక్కుచెదరకుండా దొరుకుతుంది. నిజంగా ఎగిరినవీ, తొట్టిలోవీ కలిపి 3,057 ప్రయాణాలకు అది చిరిగింది. చిరుగు మొదలైంది ముందువైపు అత్యవసర కిటికీ మూల దగ్గర.

"కామెట్ కిటికీలు చదరం, అందుకే కూలింది" అని ఎక్కువమంది చెప్పే కథ సగమే నిజం. ఆ కిటికీల మూలలకు కొంత వంపు ఉంది, అది చాల్లేదు. పైగా ఎల్బా దగ్గర సముద్రంలోంచి తీసిన ముక్కల్లో చిరుగు మొదలైంది ప్రయాణికుల కిటికీ దగ్గర కాదు, పైకప్పులో యాంటెన్నా కోసం కోసిన కన్నం దగ్గర. అంటే తప్పు ఒక్క కిటికీది కాదు. పలచటి రేకులో కోసిన ప్రతి మూలదీ, అక్కడ రివెట్ల కోసం కొట్టిన బెజ్జాలదీ.

ఇప్పుడు బొక్క. కిటికీకి బయటి పలక, మధ్య పలక, మన వైపు పలచటి పలక అని మూడుంటాయి. బరువు మోయగలిగేవి మొదటి రెండే. బొక్కే లేకపోతే రెంటి మధ్య గాలి బందీ అయి, ఎవరు ఎంత మోస్తున్నారో తేలదు, చెమ్మ చేరి కిటికీ మసకబారుతుంది. బొక్క బయటి పలకకు పెడితే బరువంతా మధ్య పలక మీద పడి, బయటిది ఉత్త అలంకారమైపోతుంది. మధ్య పలకకే పెడితే సందులోకి క్యాబిన్ గాలి చేరి, దానికి రెండు వైపులా ఒకే ఒత్తిడి ఉంటుంది. బరువంతా బయటి పలక మోస్తుంది. ప్రతి ప్రయాణంలో అలిసేది అదే, మధ్యది తాజాగా మిగులుతుంది. బయటిది పగిలిన రోజున ఆ అర టన్నూ మధ్య పలక అందుకుంటుంది. బొక్కలోంచి కాస్త గాలి పోతుంది గానీ, క్యాబిన్‌లోకి గాలి పంపే యంత్రాలు ఆ లోటును భర్తీ చేసేస్తాయి.

బొక్క దగ్గర మంచు కూడా అందుకే. తేమ ఉన్న క్యాబిన్ గాలి అక్కడినుంచే సందులోకి వెళ్లి, చల్లటి బయటి పలకకు ముందుగా అక్కడే తగులుతుంది. పిల్లాడికి ఇదంతా చెప్పేలోపు వాడు నిద్రపోయాడు.