బండి లోన్ తీసుకునేవాళ్లూ, ‘10 శాతం ఫ్లాట్’ దగ్గర ఆగండి

నాకు రెండు చోట్ల లోన్ ఇస్తామన్నారు. ఒకరు 14 శాతం, తగ్గే బాకీ మీద. ఇంకొకరు 10 శాతం ఫ్లాట్. నేను 10 వైపు వెళ్లాను. లక్ష అప్పు, మూడేళ్లు. లక్షకి ఏడాదికి పది వేలు, మూడేళ్లకి 30,000 వడ్డీ, మొత్తం 1,30,000ని 36తో భాగిస్తే నెలకి 3,611. లెక్క ఇంత తేలిగ్గా ఉంటే అనుమానం ఎందుకొస్తుంది?

18 కిస్తీలు కట్టాక చేతిలో డబ్బు ఉండి, ముందే తీర్చేద్దామని వెళ్లాను. సగం కట్టాను కాబట్టి అసలు 50,000 మిగిలి ఉంటుందనుకున్నాను. వాళ్లు సుమారు 56,600 అన్నారు. కిస్తీల పట్టిక అడిగి చూస్తే మొదటి నెల 3,611లో 1,493 వడ్డీయే. 10 శాతం లెక్కన లక్షకి నెల వడ్డీ 833 మించకూడదు కదా! వాళ్ల పుస్తకాల్లో నా లోన్ నడుస్తున్నది దాదాపు 17.9 శాతం మీద.

ఇది ఎలా జరుగుతుందంటే, ప్రతి నెలా మనం అసలు కొంత తిరిగి ఇచ్చేస్తున్నాం. లక్ష మొత్తం మన దగ్గర ఉండేది మొదటి నెల ఒక్కటే. మూడేళ్ల సగటు చూస్తే మన చేతిలో ఉన్నది లక్షలో సగానికి కాస్త ఎక్కువ. ఫ్లాట్‌లో మాత్రం చివరి కిస్తీ దాకా పూర్తి లక్ష మీదే వడ్డీ వేస్తారు. ఫ్లాట్ లెక్కనే నమ్మి చివరి నెల చూడండి: మిగిలిన అసలు 2,778, దాని మీద వడ్డీ 833. ఒక్క నెలకి 30 శాతం!

నేను వద్దనుకున్న 14 శాతం లోన్‌కి కిస్తీ 3,418, మొత్తం వడ్డీ దాదాపు 23,000. అంటే చిన్న అంకె చూసి ఏడు వేలు ఎక్కువ ఒప్పుకున్నాను. నిజంగా తగ్గే బాకీ మీద 10 శాతమే అయితే వడ్డీ 16,200 దాటదు.

సంతకానికి ముందు శాతం మాట పక్కన పెట్టి మూడే అడగండి: చేతికి ఎంత వస్తుంది, నెలకి ఎంత కట్టాలి, ఎన్ని నెలలు. వాటిని ఎక్సెల్‌లో ఇలా వేయండి:

```
=RATE(36,-3611,100000)*12
```

గడిలో 18% అని గుండ్రంగా కనిపిస్తే దశాంశాలు పెంచండి, 17.92 వస్తుంది. ప్రాసెసింగ్ ఫీజు ముందే కోసుకుంటే 100000 బదులు చేతికొచ్చిన మొత్తమే వేయాలి, అప్పుడు శాతం ఇంకా పెరుగుతుంది. నెలనెలా వడ్డీ మాత్రమే కట్టి, అసలు చివర్లో ఒకేసారి ఇచ్చే అప్పుకైతే ఈ తేడా రాదు, ఎందుకంటే అక్కడ బాకీ మధ్యలో తగ్గదు. కిస్తీల్లో అసలు కూడా కలిసి ఉంటే మాత్రం ఈ లెక్క వేశాకే సంతకం పెట్టండి.