మూడేళ్ళు వాడాక యూట్యూబ్ స్టూడియో: నా వంట వీడియోలు ఎవరికీ ఎందుకు దొరకలేదు

మాది భీమిలి. 2022 సంక్రాంతి వెళ్ళాక నేనొక వంటల ఛానల్ మొదలుపెట్టాను. మా అమ్మ దగ్గర నేర్చుకున్న వంటలను పోగొట్టుకోకూడదన్నది నా కోరిక. వారానికొకటి చొప్పున, వీలుకాని వారం వదిలేసి, ఏడాది పాటు వీడియోలు పెట్టినా ఒక్కొక్కదానికి నలభై, యాభై వీక్షణలు మించి రాలేదు. ఛానల్ నడిపేవాళ్ళు తమ వీడియోలను, వాటి లెక్కలను చూసుకోవడానికి యూట్యూబ్ ఇచ్చే పనిముట్టే యూట్యూబ్ స్టూడియో. ఈ సమీక్ష దాని మొత్తం గురించి కాదు. చూసేవాళ్ళు ఏ దారిన వచ్చారో, ఏ మాట టైపు చేసి వచ్చారో చూపించే భాగాన్ని మూడేళ్ళుగా వాడుతున్నాను కనుక, నా సమస్య దానివల్ల ఎలా తెలిసిందో, అది చూపించలేనిది ఏమిటో మాత్రమే రాస్తున్నాను.

మొదటి ఏడాదంతా నేను ఒక భ్రమలో ఉన్నాను. నా ఫోన్‌లో యూట్యూబ్ తెరిచి చేపల పులుసు అని వెతికితే నా వీడియో పైనే కనిపించేది. అందుకని వీడియోలు దొరుకుతూనే ఉన్నాయని, జనానికే నచ్చడం లేదని అనుకుని, కెమెరా మార్చాలా, గొంతు మార్చుకోవాలా అని బాధపడ్డాను. మధురవాడలో ఉండే మా మేనకోడలు ఒక ఆదివారం ఇంటికొచ్చినప్పుడు విషయం విని, “అత్తా, నీ ఫోన్ నీ వీడియోలే నీకు చూపిస్తుంది, నువ్వు రోజూ చూసేది అవే కదా” అంది. తన ఫోన్‌లో లాగిన్ లేకుండా ఇన్‌కాగ్నిటోలో అదే మాట వెతికింది. వేలితో ఎంత కిందికి జరిపినా నా వీడియో రాలేదు. మనం చూసిన చరిత్రను బట్టి ఫలితాలు మారుతాయన్న సంగతి నాకు ఆ రోజే తెలిసింది.

తర్వాత తను నా 23వ వీడియోకు స్టూడియోలో Reach అనే ట్యాబ్ తెరిచింది. ఆ వీడియోలో నేను పెట్టింది కోనాం చేపల పులుసు. ముక్కలు వేలెడు మందాన కోయించి, ఉప్పు, పసుపు, కారం పట్టించి, చింతపండు పులుసు బాగా మరిగాక ముక్కలు వేసి, ఆ తర్వాత గరిటె పెట్టకుండా గిన్నెనే రెండు చేతులతో పట్టుకుని తిప్పుతూ ఉడికించే పద్ధతి. దించేముందు వేయించిన మెంతుల పొడి చిటికెడు వేస్తాను. ఉదయం పెట్టిన పులుసు సాయంత్రానికి గాని రుచి తేలదని వీడియోలో చెప్పాను కూడా. దానికి నేను పెట్టిన పేరు మాత్రం ఇది:

```
మా వంటిల్లు - 23 | అమ్మ గుర్తులు
```

ఏడు నెలల్లో ఆ వీడియో 41 సార్లు చూశారు. Impressions అన్నచోట, అంటే వీడియో ఎన్నిసార్లు ఎదురుపడిందో చెప్పే చూపుడు లెక్కలో, 610 అని ఉంది. వీడియో బొమ్మ తెరమీద సగమైనా కనబడుతూ ఒక సెకను దాటి నిలిస్తేనే దాన్ని ఒక లెక్కగా వేస్తారు. ఆ 610 సార్లలో నొక్కినవాళ్ళు నూటికి 4.1, అంటే 25 మంది. మిగిలిన 16 వీక్షణలు నేను వాట్సాప్‌లో బంధువులకు పంపిన లింకుల నుంచి వచ్చినవి. యూట్యూబ్ తన సహాయ పేజీల్లో చెప్పే ప్రకారం సగం ఛానళ్ళకు, వీడియోలకు ఈ నొక్కుడు శాతం 2 నుంచి 10 మధ్య ఉంటుంది. నాది ఆ మధ్యలోనే ఉంది. ఎదురుపడిన చోట నా వీడియోను జనం కాదనలేదు, అసలు ఎదురుపడలేదు అంతే. ఏడాదిగా నేను మార్చాలనుకున్న కెమెరాకు, గొంతుకు ఇందులో ఏ సంబంధమూ లేదు. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడటం ఈ పనిముట్టులో నాకు అన్నిటికన్నా ఎక్కువగా ఉపయోగపడింది. చూపుడు లెక్క తక్కువై శాతం బాగుంటే లోపం పేరులోనో వివరణలోనో ఉండవచ్చు. చూపుడు లెక్క పెద్దదై శాతం పడిపోతే బొమ్మను, పేరును కలిపి చూసుకోవాలి. అయితే వీక్షణలు పది, ఇరవై ఉన్నప్పుడు ఆ శాతాన్ని నమ్మడానికి లేదు, నలుగురు చుట్టాలు నొక్కినా అది ఎగిరిపోతుంది.

ఏ మాటలతో వెతికి వచ్చారో చూద్దామని YouTube search అన్న వరుస నొక్కితే ఆ వీడియోకు పట్టిక ఖాళీగా ఉంది. కొద్దిమందే వచ్చినప్పుడు స్టూడియో ఆ మాటలను చూపించదు. నాలాంటి కొత్తవాళ్ళకు ఇది పెద్ద లోటు, ఎందుకంటే సాయం ఎక్కువగా కావలసినప్పుడే పట్టిక ఏమీ చెప్పదు. మేనకోడలు వదలకుండా నా వీడియోలన్నీ ఒక్కొక్కటే తెరిచి చూసింది. పేరులో పొరపాటున వంట పేరు రాసిన వీడియో ఒక్కటే ఉంది, పనస పొట్టు ఆవ కూర. దానికి మూడు వందల పైచిలుకు వీక్షణలు ఉన్నాయి, నేనెప్పుడూ గమనించలేదు. దాని పట్టికలో ఈ మాటలు కనబడ్డాయి:

```
panasa pottu kura
panasapottu curry
panasa pottu ava pettina kura
పనస పొట్టు కూర ఎలా చేయాలి
```

నేను తెలుగు లిపిలో రాస్తే చాలనుకున్నాను. నాలుగింటిలో మూడు ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసినవి. తెలుగు లిపిలో ఉన్న ఆ ఒక్కటీ మాట తీరు చూస్తే నోటితో అడిగినదే అయివుంటుందని మాకు అనిపించింది. మా ఇంటిలోనే చూడండి, మా అత్తగారు ఫోన్ మైకు నొక్కి అడుగుతారు, పిల్లలు ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు. వీళ్ళెవరూ ‘మా వంటిల్లు 23’ అని వెతకరు. ఆ పేరు తెలిసిన మనిషి లోకంలో నేనొక్కదాన్నే.

సరే, కోనాం వీడియో పేరు ‘కోనాం చేపల పులుసు’ అని రెండు లిపుల్లోనూ రాశాను. నెల గడిచినా పెద్ద మార్పు లేదు. కారణం స్టూడియో చెప్పలేదు, ఒడ్డున చేపలమ్మే ఆవిడ చెప్పింది. ఒకరోజు కోనాం బేరమాడుతుంటే పక్కన కారు దిగినవాళ్ళు అదే చేపను చూపించి వేరే పేరుతో అడిగారు. వాళ్ళు వెళ్ళాక ఆవిడ, “హైదరాబాదు నించి వచ్చినోళ్ళకి కోనాం అంటే తెలీదమ్మా, వంజరం అనే అడుగుతారు” అంది. విశాఖలో కోనాం అనేది మాకు ఎంత సహజమంటే, దానికి ఇంకో పేరుంటుందన్న ఆలోచనే నాకు రాలేదు. ఇంటికి వచ్చి వెతుకు పెట్టెలో ఆ మాట సగం కొట్టి ఆగితే, వంజరంతో పులుసు, వేపుడు అంటూ సూచనలు వరుసగా వచ్చాయి. కోనాంకు రెండో మూడో వచ్చాయి.

ఈ పట్టికకు ఉన్న అసలైన పరిమితి ఇదే. ఏ మాటతో వచ్చారో అది చూపిస్తుంది, ఏ మాటతో వెతికి నన్ను దాటిపోయారో చూపించదు. వంజరం అన్న మాట నా వివరాల్లో ఎక్కడా లేదు కాబట్టి ఆ మాటతో ఎవరూ రాలేదు, ఎవరూ రాలేదు కాబట్టి అది పట్టికలోకి ఎక్కలేదు. ఆ ఖాళీని సూచనల పెట్టెతోనో, సంతలో చెవి పెట్టి వినడంతోనో నింపుకోవాలి. చివరికి పేరు ఇలా స్థిరపడింది:

```
వంజరం చేపల పులుసు (కోనాం) | Vanjaram Chepala Pulusu
```

అంతకుముందు ఒక తప్పు చేశాను, అదీ చెప్పాలి. ఉన్న పేర్లన్నీ, సుర్మై, కింగ్ ఫిష్, సీర్ ఫిష్ అంటూ పేరులోనే కుక్కాను. పేరుకు 100 అక్షరాల వరకు చోటుంటుంది, కాని ఫోన్ తెరమీద అంత పొడవు కనబడదు, మొదటి కొన్ని మాటల తర్వాత తెగిపోతుంది. తర్వాత అవే పేర్లను వివరణ కింద వరుసగా ముద్దలా రాశాను. ట్యాగులను వివరణలో అలా గుమ్మరించడం నిబంధనలకు విరుద్ధమని చదివి తీసేశాను. ఇప్పుడు వివరణలో మొదటి రెండు వాక్యాలు మామూలుగా రాస్తాను. విశాఖ వైపు కోనాం అనే ఈ చేపను మిగతా చోట్ల వంజరం అంటారని, పులుసు ఎలా పెడతానో అని. ట్యాగుల పెట్టెలో తప్పుగా రాసే స్పెల్లింగులు రెండు మూడు మాత్రం వేస్తాను. ట్యాగుల పాత్ర చాలా తక్కువని యూట్యూబే చెబుతోంది, వాటిమీద గంటలు ఖర్చు పెట్టిన రోజులు నాకు ఇప్పటికీ బాధే.

పేరు మార్చిన తర్వాతి నాలుగు నెలల్లో చూపుడు లెక్క 9,000 దాటింది, కొత్తగా 450 వీక్షణలు వచ్చాయి, అందులో సగానికి పైగా వెతికి వచ్చినవే. అప్పుడు రెండో లోపం బయటపడింది. Engagement ట్యాబ్‌లో ముప్పయ్యో సెకనుకు ఎంతమంది మిగిలారో చూపించే గీత ఉంటుంది. నా గీత నూటికి 38 దగ్గర ఉంది. పులుసు కోసం వచ్చినవాళ్ళకు నేను నిమిషం నలభై సెకన్లు నమస్కారాలు, మా ఇంటి సంగతులు చెబుతున్నాను. స్టూడియోలోనే ఎడిటర్ తెరిచి ముందు భాగం కత్తిరించాను. ఇలా కత్తిరిస్తే లింకు మారదు, వీక్షణలు, వ్యాఖ్యలు పోవు. పంపిన లింకులు చుట్టాల ఫోన్లలో అలాగే పనిచేశాయి. చింతపండు పిసుకుతున్న చేతులతో మొదలయ్యేసరికి ఆ శాతం 61కి వచ్చింది.

ఓపిక విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. పేరు మార్చిన మర్నాడే లెక్క చూస్తే ఏమీ తెలియదు, నేను కనీసం నాలుగు వారాలు ఆగుతాను. పనస పొట్టు లాంటివి ఇంకా చిక్కు. లేత పనసకాయ బజారుకు వచ్చే రోజుల్లో వెతికేవాళ్ళు పెరుగుతారు, నేను పేరు మార్చడం వల్లే పెరిగిందని మొదటిసారి మోసపోయాను. ఇప్పుడు ఈ ఏడాది మార్చి నెలను పోయిన ఏడాది మార్చితోనే పోల్చుతాను. కంప్యూటర్‌లో తెరిస్తే Advanced mode లో తేదీలు ఎంచుకుని ఇలా పోల్చడం తేలిక. ఫోన్ యాప్‌లో రోజువారీ అంకెలు చూసుకోవచ్చు గాని ఈ పనికి నేను మేనకోడలి ల్యాప్‌టాపే అడుగుతాను.

పాత వీడియోలలో ఇంకా పదకొండు ‘మా వంటిల్లు’ అనే పేరుతోనే ఉన్నాయి. ఈ వారం నెత్తళ్ళ వేపుడు తీసుకున్నాను. దానికి మిగతా జిల్లాల వాళ్ళు ఏమని వెతుకుతారో సూచనల పెట్టెలో సరిగా తేలలేదు. రేపు పొద్దున్న ఒడ్డుకు వెళ్ళి, బయటివాళ్ళు వాటిని ఏ పేరుతో అడుగుతారో ఆవిడనే అడగాలి.