బడి సర్క్యులర్‌ను తెలుగు చేసే యాప్ కొనేముందు ఇది చదవండి

జర్మనీలో పిల్లల్ని ప్రాథమిక బడికి పంపుతున్న తెలుగువాళ్ల కోసం ఇది రాస్తున్నాను. బడి కాగితాన్ని ఫొటో తీస్తే చాలు, తెలుగులోకి మార్చి, తేదీలు క్యాలెండర్‌లో పెట్టి, గడువుకు ముందే గుర్తు చేస్తామని చెప్పే ఒక యాప్‌కు 2025 మొదట్లో ఏడాది చందా కట్టాం. దాదాపు అరవై యూరోలు. యాప్ పేరు రాయడం లేదు. ఇదే సరుకు రేపు ఇంకో పేరుతో మీ ముందుకు రావచ్చు కాబట్టి, పేరు కంటే దాని లోపం ఎక్కడుందో తెలియడం మీకు ఎక్కువ పనికొస్తుంది.

లోపం తెలుగు బాగా లేకపోవడం అనుకుంటున్నారేమో. తెలుగు చక్కగానే ఉంది, చిక్కంతా అక్కడే వచ్చింది. చదివితే నవ్వొచ్చే తప్పు ఎవరికీ హాని చెయ్యదు. మా పాప తరగతి యాత్ర సర్క్యులర్‌లో ‘మీ బిడ్డకు సముద్రపు గుర్రం ఉందా?’ అని వచ్చింది. ఇక్కడ ఈత నేర్చుకునే పిల్లలకు ఇచ్చే మొదటి బ్యాడ్జి పేరు జేప్‌ఫెర్ట్‌షెన్, అంటే సముద్రపు గుర్రమే. వాక్యం వింతగా ఉంది కాబట్టి వెంటనే అసలు కాగితం తీసి చూస్తాం. ప్రవేశ రుసుము 4,50 యూరోలను ‘450 యూరోలు’ అని చూపినప్పుడూ అంతే. జర్మన్లు దశాంశానికి చుక్క బదులు కామా పెడతారని తెలియని వాళ్లు కూడా ఈతకొలను టికెట్టు అంత ఉండదని గ్రహిస్తారు. సాఫీగా, నమ్మేలా వచ్చిన తప్పులే ప్రమాదం. మా కాగితంలో అలాంటివి నాలుగున్నాయి.

కాగితం ఇది. మూడో తరగతి పిల్లల్ని సోమవారం నుంచి శుక్రవారం దాకా షూల్‌లాండ్‌హైమ్‌కు, అంటే బళ్ల పిల్లలు వెళ్లి ఉండే విడిదికి తీసుకెళ్తారు. యాత్ర తేదీలు 12.05. నుంచి 16.05. దాకా. మొత్తం ఖర్చు 185 యూరోలు. అందులో 60 యూరోల అడ్వాన్సు, కింది చీటీ మీద సంతకం, రెండూ 03.04. లోపు చేరాలి. కాగితం మా ఇంటికి వచ్చింది మార్చి రెండో వారంలో.

మొదటిది తేదీ. జర్మనీలో ముందు రోజు, తరవాత నెల రాస్తారు. కాబట్టి గడువు ఏప్రిల్ 3. యాప్ దాన్ని అమెరికా పద్ధతిలో మార్చి 4 అని చదివింది. ఆ తేదీ అప్పటికే గడిచిపోయింది. గడిచిపోయిన తేదీకి గుర్తు చేసేది ఏముంటుంది? క్యాలెండర్‌లో గడువు అనేదే లేకుండా పోయింది. యాత్ర మొదలయ్యే 12.05. డిసెంబరు 5 అయింది. ముగిసే 16.05. మాత్రం సరిగ్గా మే 16గా వచ్చింది, ఎందుకంటే పదహారో నెల ఉండదు కదా. యాత్ర మొదలవకముందే ముగిసిపోతున్నా ఆ యంత్రానికి అనుమానం రాలేదు. రెండు తేదీలూ క్యాలెండర్‌లో వేర్వేరు పుటల్లో పడ్డాయి కాబట్టి చూసేవాళ్లకూ కనబడదు.

పట్టుకున్నది మా పాప. కాగితంలో తేదీకి ముందు ‘డో’ అని రెండక్షరాలు అచ్చయి ఉన్నాయి. ‘అది గురువారం నాన్నా, మార్చి 4 మంగళవారం’ అంది. యాప్ ఆ రెండక్షరాలను అనువదించకుండానే వదిలేసింది. కాబట్టి ఏ పరికరం వాడినా మొదట చెయ్యవలసిన పని ఇదే: కాగితంలో తేదీ పక్కనున్న వారం పేరు చూసి, క్యాలెండర్‌లో ఆ తేదీకి అదే వారం వస్తోందో లేదో పోల్చుకోండి. మో, డీ, మీ, డో, ఎఫ్ఆర్ అనేవి సోమ, మంగళ, బుధ, గురు, శుక్రవారాలకు పొట్టి గుర్తులు. రోజు అంకె పన్నెండు లోపు ఉన్న ప్రతి తేదీనీ అనుమానించండి. పన్నెండు దాటితే ఈ రకం తప్పు జరగదు.

రెండోది సమయం. అచ్చులో బస్సు బయలుదేరే వేళ 7.45 అని స్పష్టంగా ఉంది. టీచరు దాని కింద పెన్నుతో, పిల్లలు ‘హాల్ప్ ఆఖ్ట్’కు చేరాలని రాశారు. జర్మన్‌లో ఆ మాటకు ఎనిమిదికి సగం దూరంలో, అంటే ఏడున్నర అని అర్థం. ఇంగ్లండులో దాదాపు ఇదే మాటను ఎనిమిదిన్నరకు వాడతారు. ఈ యాప్ జర్మన్‌ను నేరుగా తెలుగులోకి తెస్తున్నట్టు లేదు, మధ్యలో ఇంగ్లీషు మీదుగా వస్తున్నట్టుంది. మాకు ‘ఎనిమిదిన్నరకు చేరాలి’ అని వచ్చింది. నమ్మి వెళితే బస్సు పోయిన ముప్పావుగంటకు చేరేవాళ్లం. దక్షిణ, తూర్పు జర్మనీలో ‘ఫియెర్‌టెల్ ఆఖ్ట్’ అని కూడా అంటారు, అది ఏడుంబావు. ‘డ్రైఫియెర్‌టెల్ ఆఖ్ట్’ ఏడుముప్పావు. సమయం అంకెల్లో కాకుండా మాటల్లో ఉంటే యాప్‌ను వదిలేసి తోటి తల్లిదండ్రుల్ని అడగడం మేలు.

మూడోది సంతకం దగ్గరిది. తెలుగులో ‘నమోదు తప్పనిసరి’ అని వచ్చింది. అందరూ నమోదు చేసుకోవాలి కాబోలు అనుకుని సంతకం పెట్టేస్తాం. అసలు కాగితంలో ఉన్నది ‘ఫెర్‌బింట్‌లిష్’. ఒకసారి సంతకం పెడితే మీరు ఆ మాటకు కట్టుబడినట్టే, తరవాత పిల్లను పంపకపోతే రద్దు ఖర్చులు మీవే అని దాని భావం. ఆ తరవాతి వాక్యంలో ఈ సంగతి వివరంగా ఉంది. కానీ కాగితం మడత సరిగ్గా దాని మీద పడింది, ఫొటోలో ఆ వరుస చెదిరింది, యాప్ దాన్ని చెప్పకుండా మింగేసింది. చదవలేకపోయిన చోట ‘ఇక్కడ చదవలేకపోయాను’ అని ఒక గుర్తు పెట్టి ఉంటే నేను ఇంత కోపంగా రాసేవాణ్ని కాదు. మే నెలలో ఇండియా ప్రయాణం పెట్టుకున్న కుటుంబాలు మన వాళ్లలో చాలా ఉంటాయి. వాళ్లు ఆ సంతకం పెట్టేముందు తెలుసుకోవలసిన వాక్యం అదొక్కటే.

నాలుగోదాని దగ్గర డబ్బు, సమయం సంగతి కాదు, పిల్ల ప్రాణం సంగతి. చింపి ఇవ్వవలసిన చీటీలో ‘నా బిడ్డకు ఈత వచ్చు / ఈత రాదు’ అని పక్కపక్కనే ఉంది, చివర చిన్న నక్షత్రం గుర్తు. పుట అడుగున చీమల్లాంటి అక్షరాల్లో ఆ నక్షత్రానికి వివరణ: ‘వర్తించనిదాన్ని కొట్టివేయండి’. మన దగ్గర ఫారం నింపే అలవాటు దీనికి తలకిందులు. వర్తించేదానికి టిక్కు పెడతాం, లేదా దాని కింద గీత గీస్తాం. యాప్ ఆ అడుగు వరుసను చూపనే లేదు. మన అలవాటు ప్రకారం ‘ఈత రాదు’ మీదుగా గట్టిగా ఒక టిక్కు లాగితే, టీచరుకు అది కొట్టివేతలా కనబడవచ్చు. ఈత రాని పిల్ల ఈత వచ్చినవాళ్ల జాబితాలోకి వెళ్తుంది. ఇదే చోట ఇంకో మాట చెప్పాలి. పైన చెప్పిన సముద్రపు గుర్రం బ్యాడ్జి ఉంటే ఈత వచ్చినట్టే అని రాయకండి. అది ఇరవై అయిదు మీటర్లు ఈదిన ఆరంభ దశకు గుర్తు. ఇక్కడి ప్రాణరక్షక సంఘాలు భద్రంగా ఈదగలవాళ్లుగా లెక్కించేది కంచు బ్యాడ్జి నుంచే. పిల్లకు ఏ బ్యాడ్జి ఉందో చీటీలో దాని పేరే రాయండి.

డబ్బు పంపే చోట కూడా ఒక లోటు జరిగింది. ట్రాన్స్‌ఫర్‌తో పాటు పిల్ల పేరు, తరగతి రాయమన్న వరుసకు ‘ఉపయోగ ప్రయోజనం’ అనే శీర్షిక వచ్చింది. చదివితే ఏమీ అర్థం కాదు కాబట్టి ఖాళీగా వదిలేస్తాం. అప్పుడు అరవై యూరోలు ఎవరివో టీచరుకు తెలియదు, మీ పిల్ల పేరు కట్టనివాళ్లలో ఉండిపోతుంది. ఐబాన్ నంబరు గురించి మాత్రం అంత దిగులు అక్కర్లేదు. అందులోనే సరిచూసే అంకెలు ఉంటాయి, ఫొటోలో ఒక అంకె తప్పు చదివితే బ్యాంకు దాదాపు ఎప్పుడూ ఆపేస్తుంది. తేదీ తప్పితే ఆపేవాళ్లు ఉండరు.

ఇలాంటిది కొనాలని ఇంకా అనిపిస్తే, ఉచితంగా చూసే రోజుల్లోనే ఒక పరీక్ష పెట్టండి. మీకు అర్థం పూర్తిగా తెలిసిన పాత సర్క్యులర్ ఒకటి మడత పెట్టి, కొంచెం వంకరగా ఫొటో తీయండి. తెలుగు వాక్యం పక్కనే దాని అసలు జర్మన్ వాక్యం చూపుతోందా? చదవలేని చోట ఒప్పుకుంటోందా? ఈ రెండూ లేకపోతే తప్పును పట్టుకునే దారి మీకు లేనట్టే, డబ్బు పెట్టకండి. మేము కొన్నదానిలో రెండూ లేవు. తెలుగు మాత్రమే, అందంగా, రంగుల గడుల్లో.

మాకు ఇప్పుడు మేలుగా ఉన్న పద్ధతి: టీచరుకు మెయిల్ రాసి సర్క్యులర్‌ను పీడీఎఫ్‌గా అడగడం. అడిగితే పంపుతున్నారు. అచ్చు అక్షరాలను కాపీ చేసి ఫోనులో ఉచితంగా ఉన్న అనువాదంలో వేస్తే మడత, మసక, పోయిన వరుసల బాధ ఉండదు. తేదీల బాధ ఉంటుంది, దానికి వారం పేర్లు చూసుకోవాలి. చింపే చీటీని ఎప్పుడూ విడిగా, అడుగున నక్షత్రం వరుసతో సహా చూడండి. అనుమానం వస్తే తరగతి తల్లిదండ్రుల ప్రతినిధిని అడగండి, ప్రతి తరగతికీ ఒకరుంటారు.

ఇప్పటికే చందా కట్టినవాళ్లకు. కంపెనీ వెబ్‌సైటులో కొని ఉంటే, జర్మనీ చట్టం ప్రకారం 2022 జూలై నుంచి అక్కడ చందా రద్దు చేసుకోవడానికి `Verträge hier kündigen` అనే బటన్ ఉండాలి. నొక్కి వివరాలు నింపాక `jetzt kündigen` నొక్కితే రద్దు అందినట్టు వెంటనే మెయిల్ రావాలి. 2022 మార్చి 1 నుంచి చేసుకున్న ఒప్పందమైతే, మొదటి ఏడాది ముగిశాక తనంతట తాను ఇంకో ఏడాదికి పొడిగించుకోవడం కుదరదు, ఒక నెల నోటీసుతో ఎప్పుడైనా మానుకోవచ్చు. కొన్న 14 రోజుల్లో వెనక్కి తగ్గే హక్కు వేరే ఉంది. అయితే ‘సేవ వెంటనే మొదలుపెట్టండి’ అనే గడికి టిక్కు పెడితే ఆ హక్కు పోవచ్చు, తగ్గవచ్చు. మాకు డబ్బు వాపసు ఇవ్వబోమనడానికి కంపెనీ చూపిన కారణం అదే. ఫోను యాప్ స్టోరు ద్వారా కట్టినవాళ్లు ముందు ఆ స్టోరులోనే వాపసు అడగాలి.

రద్దు చేసినంత మాత్రాన మీరు ఎక్కించిన ఫొటోలు చెరిగిపోవు. వాటిలో పిల్ల పేరు, తరగతి, టీచరు ఫోను నంబరు, యాత్రకు వెళ్లే చోటు అన్నీ ఉంటాయి. ఐరోపా డేటా రక్షణ నిబంధనల 17వ అధికరణ కింద చెరిపివేయమని మెయిల్ రాయండి. మామూలుగా ఒక నెలలోపు జవాబివ్వాలి. మేము రాశాం, మూడో వారంలో చెరిపేశామని జవాబు వచ్చింది.